ఫోటో తీసిన పటంలో ఏది నిలుస్తుంది, ఏది చెడుతుంది

(సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకు వినపడుతోందా? సరే. మీ ముందు మూడేసి కాగితాలు పెట్టించాను. మూడూ అందాయా? ఒకసారి చూసుకోండి. మొదటిది అసలు పటం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిపి ఉన్న పటం. రెండోది అదే పటాన్ని ఫోనుతో ఫోటో తీసి, వర్క్‌షీటులో అతికించి, ప్రింటు తీసినది. మూడోది కూడా ఆ పటమే, ఫోటోనే. కానీ ఫోను కొంచెం వంచి పట్టుకుని తీసినది. పైపైన చూస్తే తేడా తెలియదు. తెలియదు కాబట్టే ఇవాళ దీని గురించి మాట్లాడుతున్నాను.

మనందరం చేసే పని ఇది. అట్లాసులోంచో పాఠ్యపుస్తకంలోంచో పటాన్ని ఫోటో తీస్తాం, కింద ప్రశ్నలు రాస్తాం, జిరాక్సు తీయిస్తాం, లేకపోతే క్లాసు గ్రూపులో వాట్సాప్ చేస్తాం. తప్పేమీ లేదు, నేనూ అదే చేస్తాను. కానీ ప్రశ్నలు రాసేటప్పుడు మన చేతిలో ఉన్నది అసలు పటం. జవాబు రాసేటప్పుడు పిల్లవాడి చేతిలో ఉన్నది ఫోటో. ఆ రెండూ ఒకటే అనుకుంటాం. కావండీ. ఎక్కడెక్కడ కావో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు స్కేలు. రెండు పటాల మీదా కింద ఏం రాసి ఉంది? ఒక సెంటీమీటరుకు 50 కిలోమీటర్లు అని ఉంది. పక్కనే భిన్నం కూడా ఉంది, 1:50,00,000 అని. ఇప్పుడు ప్రశ్న. హైదరాబాదు నుంచి విజయవాడకు సరళరేఖలో దూరం ఎంత? రూలర్లు తీయండి. మొదటి కాగితం మీద కొలవండి. ఎంత వచ్చింది? 5 సెంటీమీటర్లు. 5 ఇంటూ 50, 250 కిలోమీటర్లు. జవాబు సరైనదే. ఆకాశమార్గంలో ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 250. సూర్యాపేట మీదుగా రోడ్డున పోతే 275 దాకా అవుతుంది. బస్సులో వెళ్ళివచ్చిన పిల్లలు 275 అంటారు. అందుకే ప్రశ్నలో ‘సరళరేఖలో’ అన్న మాట తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు రెండో కాగితం కొలవండి. ఎంత? నాలుగు. కచ్చితంగా నాలుగు. 4 ఇంటూ 50 ఎంత? 200. మన జవాబుల పట్టీలో 250 ఉంటుంది. పిల్లవాడు 200 రాశాడు. మార్కు కొట్టేస్తాం. ఆ పిల్లవాడు చేసిన తప్పేమిటో చెప్పండి. సరిగ్గా కొలిచాడు, పటం మీద రాసి ఉన్న స్కేలునే వాడాడు, సరిగ్గా గుణించాడు. ఒక్క అడుగు కూడా తప్పు వేయలేదు.

పటం చిన్నదైంది. అయిదు సెంటీమీటర్లు నాలుగైంది. కానీ కింద రాసిన అక్షరాలు మారలేదు కదా! అవి ఇంకా ఒక సెంటీమీటరుకు 50 అనే చెబుతున్నాయి. అది అసలు పటానికి నిజం, ఈ ఫోటోకు నిజం కాదు. ఈ రెండో కాగితానికి నిజమైన లెక్క ఒక సెంటీమీటరుకు అరవైరెండున్నర కిలోమీటర్లు. భిన్నంలో చెప్పాలంటే 1:62,50,000. అది ఆ కాగితం మీద ఎక్కడా రాసి లేదు, ఉండదు కూడా. ఎందుకంటే పటం వేసినవాళ్ళకు మీరు దాన్ని ఎంత సైజులో ప్రింటు తీస్తారో తెలియదు. అదే ఫోటో ఫోను తెర మీద ఇంకో సైజులో ఉంటుంది. వేళ్ళతో పెద్దది చేస్తే మరో సైజు. ప్రతిసారీ స్కేలు మారుతుంది, రాత మారదు.

మరి ఏం నిలుస్తుంది? పటం కింద చిన్న గీత ఉంది చూడండి, సున్నా నుంచి 200 కిలోమీటర్ల వరకు గళ్ళు వేసి ఉన్నది. రేఖా స్కేలు అంటాం. అది పటంలో భాగం. పటం కుదించుకుపోతే అదీ అంతే కుదించుకుపోతుంది, పటం పెరిగితే అదీ పెరుగుతుంది. మొదటి కాగితంలో దాన్ని కొలవండి, 4 సెంటీమీటర్లు ఉంటుంది. రెండో దానిలో? 3.2. ఇప్పుడు రూలరు పక్కన పెట్టేయండి, లెక్క కూడా వద్దు. కాగితపు అంచు ఒకటి చింపుకోండి. దాని అంచును హైదరాబాదు, విజయవాడ మీదుగా పెట్టి రెండు గుర్తులు పెట్టండి. ఆ ముక్కను రేఖా స్కేలు దగ్గరకు తీసుకురండి. గీత మొత్తం ఒకసారి పట్టింది, ఇంకా పావు వంతు మిగిలింది. ఒక గీత 200, పావు గీత 50. మొత్తం 250. రెండో కాగితం మీద కూడా 250 వచ్చింది. చూశారా?

ఆరో తరగతి పిల్లలు కూడా ఇది చేయగలరు. ఫోను తెర మీద కూడా ఇదే పద్ధతి. ఒక్క జాగ్రత్త. ఊళ్ళ దగ్గర గుర్తులు పెట్టాక, రేఖా స్కేలు దగ్గరకు వచ్చేలోపు తెరను పెద్దది, చిన్నది చేయకూడదు. బొమ్మను పక్కకు జరపవచ్చు. సైజు మార్చారా, మొదటికి వచ్చినట్టే. నది పొడవు లాంటి వంకర దూరాలకైతే కాగితపు అంచు బదులు దారం. దారాన్ని వంపుల వెంట పరిచి, తర్వాత గీత మీద చాపి చూడడమే.

ఆ, మేడం, అడగండి. రేఖా స్కేలు లేని పటమైతే ఎలా అంటున్నారు. మంచి ప్రశ్న. పాఠ్యపుస్తకాల్లో చిన్న పటాలకు చాలాసార్లు అది ఉండదు, ఉన్నా ఫోటోలో మనమే కత్తిరించేస్తాం. అలాంటప్పుడు అక్షాంశాలు ఆదుకుంటాయి. ఒక డిగ్రీ అక్షాంశానికి సుమారు 111 కిలోమీటర్లు. ఈ పటంలో 16 డిగ్రీల గీత, 18 డిగ్రీల గీత ఉన్నాయి. వాటి మధ్య నిలువుగా దూరం 222 కిలోమీటర్లు అన్నమాట. రెండో కాగితం మీద ఆ దూరం మూడున్నర సెంటీమీటర్ల కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. అదే మీ రేఖా స్కేలు. దాంతో కొలిచినా హైదరాబాదు, విజయవాడ మధ్య 250 దగ్గరకే వస్తుంది. కానీ అడ్డంగా, రేఖాంశాల మధ్య దూరంతో ఈ పని చేయకండి. భూమధ్యరేఖ దగ్గర మాత్రమే అది 111. మన దగ్గర, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఒక డిగ్రీ రేఖాంశానికి 106 చిల్లరే. ఉత్తరానికి పోయేకొద్దీ ఇంకా తగ్గుతుంది.

ఇక మూడో కాగితం. ఇది ఇంకా చిక్కు. రెండో కాగితంలో పటం అన్ని వైపులా సమానంగా కుదించుకుపోయింది, అందుకే రేఖా స్కేలు కాపాడింది. మూడో దానిలో అన్ని వైపులా సమానంగా లేదు. ఊళ్ళ దగ్గరకు ఇంకా వెళ్ళకండి, ముందు పటం చుట్టూ ఉన్న చట్రం కొలవండి. అసలు పటంలో చట్రం వెడల్పు 18 సెంటీమీటర్లు, ఎత్తు పదిహేడున్నర. పై గీత, కింద గీత సమానం. మూడో కాగితంలో కింద గీత ఎంత? 14.4. పై గీత? 13. అంటే పైకి పోయేకొద్దీ పటం సన్నబడింది. దాదాపు పదో వంతు తగ్గింది.

ఎందుకిలా అవుతుంది? పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, పై నుంచి ఫోటో తీయబోతే మన నీడే దాని మీద పడుతుంది. నీడ తప్పించడానికి ఒక అడుగు వెనక్కి జరిగి, ఫోను వంచి తీస్తాం. పటం కింది భాగం కెమెరాకు దగ్గర, పై భాగం దూరం. దూరంగా ఉన్నది చిన్నగా పడుతుంది. అంతే సంగతి. ఇప్పుడు రేఖా స్కేలు ఎక్కడుంది? కిందనే, దగ్గరగా ఉన్న వైపున. దాంతో దక్షిణాన ఉన్న ఊళ్ళ దూరాలు కొలిస్తే ఫరవాలేదు. ఉత్తరాన కొలవండి చూద్దాం. నిజామాబాదు, మంచిర్యాల. సరళరేఖలో సుమారు 145 కిలోమీటర్లు ఉండాలి. ఈ కాగితం మీద 130 దగ్గర వస్తుంది. పిల్లవాడు రేఖా స్కేలే వాడాడు, మనం చెప్పినట్టే చేశాడు, అయినా తప్పే వచ్చింది.

కాబట్టి వర్క్‌షీటు తయారుచేసేటప్పుడు నేను మొదట చేసే పని ఇదే. పటం చట్రం నాలుగు వైపులా కొలుస్తాను. ఎదురెదురు గీతలు సమానంగా ఉన్నాయా? మూల దగ్గర కాగితం మూల పెడితే సరిగ్గా కూర్చుంటుందా? ఇంకొకటి, ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి అసలు పటంలో ఉన్నట్టే ఉందా? ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. ఇప్పుడు ఫోన్లలో పత్రాలు స్కాన్ చేసే పద్ధతి వచ్చింది కదా, నాలుగు మూలలూ పట్టుకుని వంకరను సరిచేసి దీర్ఘచతురస్రంగా లాగుతుంది. చాలా ఉపయోగం, తప్పకుండా వాడండి. కానీ అది మూలలను సరిచేస్తుంది గానీ, ఎత్తు ఎంత ఉండాలో కొన్నిసార్లు దానికి సరిగ్గా అందదు. గీతలు సమానమవుతాయి, పటం మాత్రం కాస్త అణిగినట్టో సాగినట్టో ఉంటుంది. మన పటానికి 18కి పదిహేడున్నర ఉండాలి. రెండో కాగితంలో 14.4కి 14, సరిపోయింది. మూడో కాగితంలో కింద 14.4 ఉంటే ఎత్తు 12.6 మాత్రమే. అణిగిపోయింది.

పుస్తకం మధ్య కుట్టు దగ్గర పేజీ లోపలికి వంగుతుంది చూడండి, అక్కడ కూడా ఇదే తంటా. వంగిన చోట పటం ఇరుకవుతుంది. దాన్ని ఏ స్కానూ పూర్తిగా బాగుచేయలేదు. పేజీని చేత్తో చదునుగా అదిమి తీయాలి. ఆ వైపు ఊళ్ళ మీద దూరం ప్రశ్నలు అడగకపోవడం ఇంకా మంచిది.

ఈ అణగడం వల్ల దూరమే కాదు, దిక్కు కూడా మారుతుంది. ఇది చాలామంది నమ్మరు. అందుకని చేసి చూద్దాం. ప్రశ్న మామూలుదే. హైదరాబాదుకు విజయవాడ ఏ దిక్కున ఉంది? ఎనిమిది దిక్కుల్లో చెప్పండి. ఆగ్నేయం అంటున్నారు. తూర్పు అని ఎవరో అన్నారు, ఎవరండీ? మాస్టారూ, మీరు చెయ్యి దించకండి. మీ జవాబుకు కారణం ఉంది.

ఎనిమిది దిక్కులంటే ఒక్కో దిక్కుకు 45 డిగ్రీల వాటా. తూర్పు గీతకు పైన ఇరవైరెండున్నర, కింద ఇరవైరెండున్నర, అంతా తూర్పు కిందే లెక్క. అది దాటితే కింద ఆగ్నేయం. హైదరాబాదు నుంచి విజయవాడకు గీత గీస్తే అది తూర్పు నుంచి దక్షిణం వైపు ఎంత వంగుతుంది? తూర్పుకు 230 కిలోమీటర్లు పోతే దక్షిణానికి 97 కిలోమీటర్లు దిగుతాం. కోణం 23 డిగ్రీలకు కాస్త తక్కువ. హద్దేమో ఇరవైరెండున్నర. అంటే గోడ మీద కూర్చున్నట్టే ఉంది! అసలు పటంలో వెంట్రుకవాసిలో ఆగ్నేయం. మూడో కాగితంలో పటం నిలువుగా పదో వంతు అణిగింది, ఆ కోణం 21 డిగ్రీల దగ్గరకు దిగింది. తూర్పు అయిపోయింది. ఆ ఫోటో చూసి తూర్పు అని రాసిన పిల్లవాడిని తప్పు పట్టగలమా?

అందుకని దిక్కుల ప్రశ్నకు ఊళ్ళను ఎంచుకునేటప్పుడు హద్దుల మీద ఉన్నవాటిని వదిలేయాలి. హైదరాబాదుకు విశాఖపట్నం అడగండి. దాదాపు నేరుగా తూర్పు, నాలుగు డిగ్రీలే తేడా. హైదరాబాదుకు ఒంగోలు అడగండి. ఆగ్నేయం మధ్యలో ఉంటుంది, ఫోటో కాస్త వంకరపోయినా జవాబు మారదు. విజయవాడకు విశాఖపట్నం అడగాలని మనందరికీ చెయ్యి దురద పెడుతుంది, రెండూ పెద్ద ఊళ్ళు కదా. ఈశాన్యమే, కానీ అదీ హద్దుకు మూడు డిగ్రీల దూరంలోనే ఉంది. వద్దు.

దిక్కు చూడడానికి మా పిల్లలకు పారదర్శక కాగితం ముక్కలు ఇస్తాం. పాత ప్లాస్టిక్ ఫైలు అట్ట కత్తిరించినా చాలు. దాని మీద ఎనిమిది గీతలు, గీతల మధ్య హద్దులు చుక్కలతో. నడిబొడ్డును ఏ ఊరి మీద పెట్టాలి? హైదరాబాదుకు ఒంగోలు ఏ దిక్కు అంటే హైదరాబాదు మీద. ఇక్కడ సగం మంది పిల్లలు ఒంగోలు మీద పెడతారు, వాయవ్యం అని రాస్తారు. మన జవాబుకు సరిగ్గా ఎదురు దిక్కు వచ్చిందంటే పిల్లవాడికి దిక్కులు రాక కాదు, తప్పు ఊళ్ళో నిలబడ్డాడు. పేపరు దిద్దేటప్పుడు ఈ తేడా కనిపెట్టండి. చెప్పాల్సిన పాఠం వేరు.

తర్వాత ఉత్తరం గీతను దేనికి సమాంతరంగా పెట్టాలి? కాగితం అంచుకు కాదు. ఫోటో అంచుకు అసలే కాదు. ఫోటో రెండు మూడు డిగ్రీలు పక్కకు తిరిగి ఉండడం మామూలే. ఉత్తరం బాణం ఉంటే దానికి. అది ఫోటోలో తెగిపోతే ఆ ఊరికి దగ్గరగా ఉన్న రేఖాంశం గీతకు. దగ్గరగా ఉన్నదే ఎందుకంటే కొన్ని పటాల్లో, ముఖ్యంగా భారతదేశం మొత్తం చూపే పటాల్లో, రేఖాంశాలు పైకి పోయేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. గుజరాత్ దగ్గర ఉత్తరం కొంచెం కుడికి, అరుణాచల్ దగ్గర కొంచెం ఎడమకు వాలి ఉంటుంది. ఊళ్ళ పేర్లు అడ్డంగా రాసి ఉన్నాయి కదా, వాటిని బట్టి చూడొచ్చా అని అడుగుతారు. పటం తలకిందులుగా లేదని చెప్పడానికి పనికొస్తాయి, అంతవరకే. నదుల పేర్లయితే నది వంపు వెంట రాస్తారు, వాటిని అసలు నమ్మకూడదు.

ఇప్పుడు సూచిక. సూచికలో చెడేది రంగు. గుర్తు ఆకారం నిలుస్తుంది, రంగు నిలవదు. నలుపు తెలుపు జిరాక్సు తీసిన భౌతిక పటం ఎప్పుడైనా పరీక్షగా చూశారా? రంగు పటంలో మైదానాలు ముదురు ఆకుపచ్చ, ఎత్తు పెరిగేకొద్దీ పసుపు, ఆపైన గోధుమ, ముదురు గోధుమ. జిరాక్సులో ముదురు ఆకుపచ్చ ఏమవుతుంది? ముదురు బూడిద. ముదురు గోధుమ? అదీ ముదురు బూడిదే. అంటే కృష్ణా డెల్టా, తూర్పు కనుమలు రెండూ ఒకే రంగులో పడతాయి! మధ్య ఎత్తులు మాత్రం తెల్లగా ఉంటాయి. సూచికలో గళ్ళు కూడా అలాగే పడతాయి కాబట్టి దాన్ని చూసినా లాభం లేదు. ‘ఎత్తైన ప్రాంతాలను గుర్తించండి’ అని కింద ప్రశ్న. పిల్లవాడు దేన్ని గుర్తిస్తాడు, చెప్పండి?

సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాలు, అదే టోపోషీట్లు, వాడేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. వాటిలో నీళ్ళున్న వాగు నీలం, ఎండిపోయే వాగు నలుపు. నీళ్ళుండే చెరువు నీలం, ఎండిన చెరువుకు నల్లటి హద్దు. మన ప్రాంతపు షీట్లలో సగం వాగులు నల్లగానే ఉంటాయి. ‘ఏడాది పొడవునా నీళ్ళుండే వాగు ఏది’ అన్న ప్రశ్న రంగు పటానికి చాలా మంచి ప్రశ్న. జిరాక్సులో దానికి జవాబే లేదు. ప్రశ్నను వదులుకోవాలి, లేదా వాగు పక్కన పెన్నుతో ‘నీలం’ అని మనమే రాసి జిరాక్సు తీయించాలి. రెండో పద్ధతి నాకు ఇష్టం. రెండు నిమిషాల పని.

రంగు ఫోటో పంపితే సరిపోతుందా? కొంతవరకే. బల్బు పసుపు వెలుతురులో తీస్తే టోపోషీటులో సాగుభూమి పసుపు, బీడు తెలుపు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకని పటాన్ని, సూచికను ఒకే ఫోటోలో తీయాలి. ఒకే వెలుతురు రెండింటి మీదా పడితే, రంగు మారినా రెండూ ఒకేలా మారతాయి, పిల్లవాడు గడిని గడితో పోల్చుకోగలడు. పటం పగటి వెలుతురులో, సూచిక రాత్రి ట్యూబులైటు కింద తీసి పక్కపక్కన అతికిస్తే పోలిక కుదరదు.

గుర్తుల విషయంలో ఒక్కటే చెబుతాను. మనకు తెలిసిన గుర్తని సూచిక చూడకుండా పోకూడదు. టోపోషీటులో త్రికోణం పక్కన అంకె ఉంటే అది సర్వేకు వాడిన త్రికోణీకరణ స్థానం, ఆ అంకె సముద్రమట్టం నుంచి ఎత్తు. ఇంకో పటంలో అదే త్రికోణం గనికి గుర్తు కావచ్చు. చెరువు కట్ట పక్కన 5 అంకె, దాని వెంటే చిన్న ఆర్ అక్షరం ఉంటుంది చూడండి. దాన్ని పిల్లలు సముద్రమట్టం నుంచి 5 మీటర్లు అని రాస్తారు. చుట్టూ సమోన్నత రేఖలు 300 అని చెబుతుంటే 5 ఎలా అవుతుంది? ఆ ఆర్ అంటే సాపేక్ష ఎత్తు. కట్ట చుట్టుపక్కల నేల కంటే 5 మీటర్లు ఎత్తు అని. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో ఆ చిన్న అక్షరమే ముందు చెరిగిపోతుంది. అది అడగదలిస్తే ఆ చెరువు ఒక్కటీ దగ్గరగా ఇంకో ఫోటో తీసి పక్కన పెట్టండి. ఫైలుగా పంపితే ఫోటో అంత పాడవదు.

ఆఖరుగా జవాబుల పట్టీ. దీన్ని అసలు పటం చూసి రాయకండి. పిల్లలకు ఇచ్చే కాగితమే ఒకటి తీసుకుని, దాని మీద మీరే కొలిచి రాయండి. రెండో కాగితంలో ఒక మిల్లీమీటరు అంటే 6 కిలోమీటర్ల పైచిలుకు. పిల్లల చేతి కొలతలో ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి. కాబట్టి 250కి 240 నుంచి 260 దాకా ఏది రాసినా పూర్తి మార్కు ఇవ్వాలి. పట్టీలో ఆ హద్దులు ముందే రాసి పెట్టండి, దిద్దేటప్పుడు ఒకరికొకలా పోకుండా ఉంటుంది. 200 వచ్చినవాడి కాగితం మీద మాత్రం కొట్టేసి ఊరుకోకండి. రాసి ఉన్న స్కేలు వాడాడా, గీత వాడాడా అని అడగండి.

సరే, ఇప్పుడు మూడో కాగితం మళ్ళీ తీయండి. దాని మీద నేను ఆరు ప్రశ్నలు రాశాను. వాటిలో ఏవి ఈ ఫోటో మీద అడగదగినవి, ఏవి కాదు, మీ పక్కవాళ్ళతో కలిసి చూడండి. చట్రం నుంచి మొదలుపెట్టండి. పది నిమిషాల్లో నేనే మీ బల్లల దగ్గరకు వస్తాను.